పది శాతం తగ్గితే ఎనభై శాతం: ఐస్ ఫ్యాక్టరీ లెక్కలో లీవరేజ్

భీమవరం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల్లో అసలు పని రాత్రి జరుగుతుంది. చెక్క మూతల కింద పెద్ద ఉప్పునీటి ట్యాంకు ఉంటుంది. ఆ నీరు సున్నాకు దాదాపు పది డిగ్రీల కింద ఉంటుంది. మంచినీళ్లు నింపిన ఇనప క్యాన్లను వరుసగా అందులో ముంచి ఉంచుతారు. నీరు గడ్డకట్టడానికి క్యాన్ సైజును బట్టి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. గడ్డకట్టిన క్యాన్లను పైకి లాగి మామూలు నీళ్లలో ఒకసారి ముంచితే దిమ్మ అంచులు వదులై జారి బయటకు వస్తుంది. రొయ్యల చెరువుల్లో పట్టుబడి జోరుగా ఉన్న రోజుల్లో ఆ దిమ్మలు నేల మీద నిమిషం కూడా నిలవవు, క్రషర్‌లో పడి లారీల్లోకి వెళ్లిపోతాయి.

పట్టుబడి లేని రోజున బయట లారీలు కనిపించవు గానీ లోపల కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. ఉప్పునీటిని వేడెక్కనిస్తే మళ్లీ చల్లబరచడానికి సమయం, కరెంటు రెండూ దండగ. అమ్మోనియా ప్లాంటు చూసుకునే ఆపరేటర్‌ను ఈ వారం వద్దు, వచ్చే వారం రమ్మంటే కుదరదు. కరెంటు బిల్లులో డిమాండ్ ఛార్జీ అని, వాడిన యూనిట్లకు కాక ఒకేసారి లాగే లోడుకు పడే ఒక పద్దు ఉంటుంది. హెచ్‌టీ కనెక్షన్‌కు ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండిటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. నెలంతా ఒక్క దిమ్మ అమ్మకపోయినా ఆ పద్దు పోదు. అమ్మకం ఉన్నా లేకున్నా వచ్చిపడే ఇలాంటి ఖర్చులనే స్థిర ఖర్చులు అంటారు. అమ్మకం కాస్త కదిలితే లాభం చాలా ఎక్కువగా కదలడానికి కారణం ఇవే. దీనికి వాణిజ్య శాస్త్రం పెట్టిన పేరు ఆపరేటింగ్ లీవరేజ్. పలుగు ఒక చివర జానెడు నొక్కితే రెండో చివర బండరాయి లేస్తుంది. అదే పలుగు చేయి జారితే కాలి మీదా పడుతుంది.

లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. అంకెలన్నీ ఉదాహరణ కోసం గుండ్రంగా పెట్టుకున్నవే. రోజుకు 40 టన్నులు తీయగల ప్లాంటు. అయితే ఏడాది పొడవునా అంత గిరాకీ ఉండదు కాబట్టి ఏడాదికి 8,000 టన్నులు అమ్ముతుంది. టన్ను 2,000 రూపాయలు. అంటే ఏడాది అమ్మకం కోటీ 60 లక్షలు.

ఒక టన్ను తయారుచేసి లారీకెక్కించడానికి ప్రత్యేకంగా అయ్యే ఖర్చు 750 రూపాయలు అనుకుందాం. అందులో గడ్డకట్టించే కరెంటుకు 500, హమాలీకి 170, ఉప్పు, అమ్మోనియా, నీళ్లు వగైరాకు 80. టన్ను తీయకపోతే ఈ 750 ఖర్చు కాదు. ఇది మారే ఖర్చు. అమ్మిన 2,000లో ఇది పోగా 1,250 మిగులుతుంది. దీన్ని కాంట్రిబ్యూషన్ అంటారు. చాలామంది దీన్నే లాభం అనుకుంటారు, అక్కడే లెక్క తప్పుతుంది. ఈ 1,250 ముందుగా స్థిర ఖర్చుల గోతిని పూడ్చాలి, గోయి నిండాకే లాభం. ఆ గోతి లోతు ఏడాదికి 75 లక్షలు: జీతాలు 26, డిమాండ్ ఛార్జీతో పాటు ట్యాంకును ఊరికే చల్లగా ఉంచే కరెంటుకు 14, మరమ్మతులు, బీమా 10, స్థలం లీజు 5, యంత్రాల తరుగుదల 20.

8,000 టన్నుల మీద కాంట్రిబ్యూషన్ కోటి రూపాయలు. అందులో 75 లక్షలు పోతే నిర్వహణ లాభం 25 లక్షలు. వడ్డీ ఇంకా లెక్కలోకి రాలేదు.

ఇప్పుడు అమ్మకం పది శాతమే తగ్గిందనుకుందాం. 7,200 టన్నులకు కాంట్రిబ్యూషన్ 90 లక్షలు. గోతి లోతు మారలేదు, అదే 75. మిగిలింది 15 లక్షలు. అమ్మకం పది శాతం తగ్గితే లాభం నలభై శాతం తగ్గింది. పది శాతం పెరిగి 8,800 టన్నులైతే కాంట్రిబ్యూషన్ కోటీ 10 లక్షలు, లాభం 35 లక్షలు, అంటే నలభై శాతం ఎక్కువ. ఈ నాలుగింతలనే ఆపరేటింగ్ లీవరేజ్ స్థాయి అంటారు. కాంట్రిబ్యూషన్‌ను నిర్వహణ లాభంతో భాగిస్తే వస్తుంది: కోటిని 25 లక్షలతో భాగిస్తే 4.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. "ఐస్ వ్యాపారానికి లీవరేజ్ నాలుగు" అని ఒక అంకెను పట్టుకుని కూర్చోవడం. ఈ అంకె ఫ్యాక్టరీకి పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఫ్యాక్టరీ ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉందో చెప్పే కొలత. అదే ప్లాంటు 9,600 టన్నులు అమ్ముతుంటే కాంట్రిబ్యూషన్ కోటీ 20 లక్షలు, లాభం 45 లక్షలు, లీవరేజ్ మూడుకు లోపే. 6,400 టన్నులకు పడిపోతే కాంట్రిబ్యూషన్ 80, లాభం 5, లీవరేజ్ 16. యంత్రాలూ మనుషులూ ఏమీ మారలేదు. నష్టం గుమ్మం దగ్గరకు వచ్చేకొద్దీ ప్రతి టన్ను బరువు పెరుగుతుంది. ఈ ఫ్యాక్టరీకి ఆ గుమ్మం 6,000 టన్నులు. అక్కడ కాంట్రిబ్యూషన్ సరిగ్గా 75 లక్షలు, లాభం సున్నా.

పైకి వెళ్లే దారిలో ఇంకో చిక్కుంది, పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించదు. లెక్క ప్రకారం అమ్మకం ఎంత పెరిగితే లాభం అంతకు నాలుగింతలు పెరగాలి. కానీ ఐసును బస్తాల్లా గోడౌన్‌లో పేర్చి మంచి రోజు కోసం దాచుకోలేం. స్టోర్ గదిలో కొంత నిలుస్తుంది, అంతే. పట్టుబడి మీద పడ్డ రోజున అరవై టన్నుల గిరాకీ వచ్చినా తీయగలిగేది నలభై. మిగతా ఇరవై టన్నుల లారీలు పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోతాయి. పడిపోయే రోజులకు మాత్రం అలాంటి అడ్డు లేదు. అందుకే గిరాకీ ఎగుడుదిగుడుగా ఉండే చోట సగటు అమ్మకాన్ని పెట్టి వేసిన లెక్క అసలు లాభం కంటే ఎప్పుడూ కాస్త అందంగా కనిపిస్తుంది.

స్థిర ఖర్చును మారే ఖర్చుగా మార్చుకునే వీలు ఉందా? డెల్టా రైతుకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. పొలం కౌలుకు తీసుకునేటప్పుడు మక్తాకా, పాలుకా అన్న బేరం అదే. మక్తా అంటే పంట ఎంత పండినా ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే మాట. పాలు అంటే పండినదాంట్లో వాటా. మక్తా రైతుకు బాగా పండిన ఏడాది మిగిలేదంతా తనదే. కోతల వేళ తుఫాను వస్తే, 2018 డిసెంబరులో పెథాయ్, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినట్టు, పనల మీద నీళ్లు నిలిచినా బస్తాల మాట మాటే, యజమాని దయతలిస్తే తప్ప. పాలు రైతుకు మంచి ఏడాది మిగులు తక్కువ, చెడ్డ ఏడాది దెబ్బా తక్కువ. మక్తా స్థిర ఖర్చు, పాలు మారే ఖర్చు. లీవరేజ్ అన్న మాట వినకుండానే గట్టు మీద కూర్చుని జనం ఈ బేరం ఎన్నో తరాలుగా ఆడుతున్నారు.

ఐస్ ఫ్యాక్టరీకీ అదే పద్ధతి పెట్టి చూడొచ్చు. ఇంకొకరి ప్లాంటును టన్నుకు 625 రూపాయలు ఇచ్చే షరతు మీద నడుపుతున్నారనుకుందాం. ప్లాంటు తాలూకు స్థిర ఖర్చులు యజమానివి, నడిపేవారికి ఏడాదికి 25 లక్షల స్థిర ఖర్చే ఉంటుంది. టన్ను మీద మిగిలేది 1,250 కాదు, 625. 8,000 టన్నులకు కాంట్రిబ్యూషన్ 50 లక్షలు, లాభం 25 లక్షలు. సొంత ప్లాంటు ఉన్నవారికీ వీరికీ ఈ ఏడాది లాభం ఒక్కటే, కాగితం మీద ఇద్దరూ సమానులే. వచ్చే ఏడాది అమ్మకం 6,400కు పడితే సొంత ప్లాంటుకు మిగిలేది 5 లక్షలు, టన్ను లెక్కన నడిపేవారికి 15 లక్షలు. 9,600కు లేస్తే అటు 45, ఇటు 35. ఒక్క ఏడాది లాభనష్టాల పట్టిక చూసి రెండు వ్యాపారాలను పోల్చకూడదనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు అప్పు సంగతి. మన ఫ్యాక్టరీలో మొత్తం పెట్టుబడి రెండున్నర కోట్లు, అందులో సగం, అంటే కోటీ 25 లక్షలు, పది శాతం వడ్డీకి తెచ్చిన టర్మ్ లోన్ అనుకుందాం. ఏడాదికి వడ్డీ పన్నెండున్నర లక్షలు. వడ్డీ కూడా స్థిర ఖర్చే, కానీ దాని పుట్టుక వేరు. జీతాలూ డిమాండ్ ఛార్జీ వ్యాపారం స్వభావం నుంచి వచ్చినవి. వడ్డీ మాత్రం డబ్బు ఎక్కడి నుంచి తెచ్చామన్న దాన్నుంచి వచ్చింది. అందుకే దీని వల్ల కలిగే ఊపును విడిగా, ఫైనాన్షియల్ లీవరేజ్ అని కొలుస్తారు. నిర్వహణ లాభాన్ని, వడ్డీ పోయాక మిగిలేదానితో భాగించాలి. 25 లక్షలను పన్నెండున్నరతో భాగిస్తే 2. పన్ను సంగతి ఇక్కడ పక్కన పెడుతున్నాం.

ఈ రెండూ కూడవు, హెచ్చవేసుకుంటాయి. నాలుగు ఇంటూ రెండు, ఎనిమిది. సరిచూద్దాం. అమ్మకం 7,200 టన్నులైతే నిర్వహణ లాభం 15 లక్షలు, వడ్డీ పోగా రెండున్నర లక్షలు. పన్నెండున్నర నుంచి రెండున్నరకు, అంటే ఎనభై శాతం పోయింది. గిరాకీలో పది శాతం తగ్గుదలంటే ఆ ప్రాంతంలో కొన్ని చెరువులు ఒక పంట మానేసినంత మాత్రమే. ఆ కాస్తకే యజమాని చేతికొచ్చే లాభం ఐదింట ఒక వంతు అయింది. ఈ ఎనిమిదిని తిరగేస్తే ఇంకో పనికొచ్చే అంకె దొరుకుతుంది. నూరును ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. అమ్మకం పన్నెండున్నర శాతం తగ్గితే, అంటే 7,000 టన్నుల దగ్గర, లాభం పూర్తిగా సున్నా. వడ్డీ లేనప్పుడు 6,000 దగ్గరున్న గుమ్మం అప్పు వల్ల వెయ్యి టన్నులు ముందుకు జరిగింది.

మరి అప్పు ఎందుకు తెచ్చుకున్నట్టు? దీనికి జవాబు కూడా ఇవే అంకెల్లో ఉంది. 8,000 టన్నుల దగ్గర రెండున్నర కోట్ల మీద నిర్వహణ లాభం 25 లక్షలు, సరిగ్గా పది శాతం. అప్పు వడ్డీ కూడా పది శాతమే. సొంత డబ్బు కోటీ 25 లక్షల మీద వచ్చింది పన్నెండున్నర లక్షలు, అదీ పది శాతమే. అంటే ఆ ఏడాది అప్పు ఉన్నా లేకున్నా ఒకటే. 8,800 టన్నుల ఏడాది మొత్తం పెట్టుబడి మీద రాబడి 14 శాతం, సొంత డబ్బు మీద 18 శాతం. వ్యాపారం 14 సంపాదించి అప్పుకు 10 ఇచ్చింది, ఆ తేడా యజమాని ఖాతాలో పడింది. 7,200 టన్నుల ఏడాది పెట్టుబడి మొత్తం మీద రాబడి 6 శాతం, సొంత డబ్బు మీద 2 శాతమే. ఆరు సంపాదించి పది ఇవ్వాల్సి వచ్చింది కాబట్టి ఆ లోటు యజమాని జేబులోంచి పోయింది. వ్యాపారం సంపాదించే శాతం, వడ్డీ శాతం, ఈ రెండిటి మధ్య తేడా ఎటు ఉంటే అప్పు అటు బలాన్నిస్తుంది. "బ్యాంకు డబ్బుతో వ్యాపారం చెయ్యాలిగానీ సొంత డబ్బుతో కాదు" అనే మాట పట్టుబడి జోరులో విన్నంతగా డల్ సీజన్‌లో వినపడదు.

ఇంతవరకూ ధర మారలేదనుకున్నాం, టన్నులే మారాయి. పుస్తకాల్లో లీవరేజ్ సూత్రం కూడా అలాగే ఉంటుంది. నిజానికి ఐస్ ఫ్యాక్టరీకి ఎక్కువ దెబ్బ తగిలేది ధర వల్ల. టన్నులు పది శాతం తగ్గితే కనీసం ఆ టన్నుల మీద పెట్టే 750 మిగులుతుంది. ధర పది శాతం తగ్గితే ఖర్చేమీ తగ్గదు, 200 రూపాయలు పూర్తిగా లాభంలోంచే పోతాయి. 1,800కు 8,000 టన్నులు అమ్మితే కాంట్రిబ్యూషన్ 84 లక్షలు, నిర్వహణ లాభం 9, వడ్డీ పోయాక మూడున్నర లక్షల నష్టం. టన్నులు పది శాతం తగ్గినప్పుడు కనీసం రెండున్నర లక్షల లాభమైనా మిగిలింది.

ధర ఎందుకు తగ్గుతుందంటే, దాన్ని తగ్గించేది కూడా స్థిర ఖర్చులే. గిరాకీ తగ్గిన నెలలో ఒకే రోడ్డు మీద ఉన్న నాలుగైదు ఫ్యాక్టరీల యజమానులందరి లెక్కా ఒకటే: గోతి ఎలాగూ 75 లక్షలే, టన్ను 750కి పైన ఎంతకు అమ్మినా ఆ తేడా గోతిలో పడుతుంది, అమ్మకపోతే అదీ లేదు. కాబట్టి ఒకరు 1,900 అంటారు, పక్కవారు 1,850. విడివిడిగా ఎవరి లెక్కా తప్పు కాదు, అందరూ కలిసి అదే చేసేసరికి అందరి కాంట్రిబ్యూషనూ కరిగిపోతుంది. టన్నులు పది శాతం, ధర ఐదు శాతం ఒకేసారి తగ్గాయనుకుందాం. 7,200 టన్నులు, టన్నుకు 1,150 మిగులు. కాంట్రిబ్యూషన్ 82 లక్షల 80 వేలు, నిర్వహణ లాభం 7 లక్షల 80 వేలు, వడ్డీ కట్టాక 4 లక్షల 70 వేల నష్టం. స్థిర ఖర్చు తక్కువ, మారే ఖర్చు ఎక్కువ ఉన్న వ్యాపారాల్లో ఈ రేటు యుద్ధం ఇంత దూరం వెళ్లదు. టన్ను లెక్కన ప్లాంటు నడిపేవారికి మారే ఖర్చే 1,375. వారు చాలా ముందుగానే "మాకు గిట్టదు" అని ఆగిపోతారు.

ఆగిపోవడం కూడా లెక్కలో భాగమే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు వదిలినప్పుడు బయటివారికి అది నిరసనగా మాత్రమే కనిపించింది. నిరసనే, సందేహం లేదు. దాని లోపల లెక్క కూడా ఉంది. వచ్చే ధర కూలీలు, ఎరువుల వంటి పెట్టుబడిని కూడా రాబట్టనప్పుడు వేసిన ప్రతి ఎకరమూ నష్టాన్ని పెంచుతుంది, వేయకపోతే నష్టం ఉన్నచోటే ఆగుతుంది. మక్తా ఒప్పుకోకముందు మక్తా కూడా తప్పించుకోగల ఖర్చే. ఒప్పుకున్నాకే అది స్థిర ఖర్చు. ఐస్ ప్లాంటు యజమానికి ఆ వెసులుబాటు లేదు, యంత్రం కొన్న రోజే ఆయన మక్తా ఒప్పుకున్నట్టు.

లాభం లెక్కతో ఆగితే అసలు టెన్షన్ కనపడదు. యజమానిని నిద్రపట్టనివ్వనిది లాభం కాదు, వాయిదా. తరుగుదల 20 లక్షలు కాగితం మీద ఖర్చేగానీ ఆ ఏడాది జేబులోంచి పోదు. అప్పు అసలు వాయిదా దీనికి తలకిందులు. లాభనష్టాల పట్టికలో కనపడదు, ఖాతాలోంచి మాత్రం పోతుంది. మన ఫ్యాక్టరీ కోటీ 25 లక్షల అప్పును ఐదేళ్లలో తీర్చాలంటే అసలు కింద ఏడాదికి 25 లక్షలు, మొదటి ఏడాది వడ్డీ పన్నెండున్నర, మొత్తం 37 లక్షల 50 వేలు కట్టాలి. కట్టడానికి చేతిలో ఉండేది నిర్వహణ లాభం 25, దానికి తరుగుదల 20 కలిపి 45 లక్షలు. బ్యాంకువాళ్లు ఈ 45ను 37 లక్షల 50 వేలతో భాగించి చూస్తారు. 1.2 వస్తుంది, బొటాబొటీగా సరిపోతుంది. అమ్మకం పది శాతం తగ్గిన ఏడాది చేతిలో ఉండేది 35 లక్షలు, కట్టాల్సింది మాత్రం అదే 37 లక్షల 50 వేలు. పుస్తకాల్లో ఇంకా రెండున్నర లక్షల లాభం కనిపిస్తున్న ఫ్యాక్టరీకి వాయిదా కట్టడానికి రెండున్నర లక్షలు తక్కువ పడ్డాయి. వాయిదా 90 రోజులకు మించి నిలిచిపోతే ఖాతా మొండి బకాయి కింద వెళుతుంది. "లాభాల్లో ఉన్న ఫ్యాక్టరీ మూతపడిందట" అని ఊళ్లో ఆశ్చర్యపోయేది ఇలాంటి చోటే.

సముద్రం వేట మీద ఆధారపడిన ఫ్యాక్టరీలకు ఇది ఏటా ముందే తెలిసిన గండం. అంతర్వేది, నరసాపురం, కాకినాడ వైపు బోట్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కింద ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజులు బోట్లకు ఐసు అక్కర్లేదు. 75 లక్షల్లో తరుగుదల తీసేస్తే నగదు రూపంలో పోయే స్థిర ఖర్చు 55 లక్షలు, అంటే నెలకు నాలుగున్నర లక్షల పైమాటే. వాయిదాలు కలిపితే నెలకు ఏడున్నర లక్షలు దాటుతుంది. రెండు నెలలకు పదిహేను లక్షలు మార్చి ఆఖరుకే పక్కన పెట్టి ఉండాలి. కొందరు ట్యాంకును ఆపేసి మరమ్మతులు ఆ రోజుల్లోనే చేయించుకుంటారు. దానివల్ల ట్యాంకు చల్లగా ఉంచే కరెంటు మిగులుతుంది, డిమాండ్ ఛార్జీ మాత్రం నిలిచే ఉంటుంది. ఏటా గరిష్ఠ డిమాండ్ ఒప్పందం కంటే బాగా తక్కువే నమోదవుతుంటే ఒప్పందాన్నే తగ్గించమని కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టుకోవడం అందరికీ అందుబాటులో ఉన్న మార్గం. లీవరేజ్ తగ్గించే పనుల్లో కొత్త పెట్టుబడి అక్కర్లేనిది ఇదొక్కటే అనిపిస్తుంది.

చెరువుల మీద ఆధారపడిన ఫ్యాక్టరీలకు గండం అంత చెప్పి రాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మొదటి దెబ్బ రొయ్య రైతుకు తగిలింది. ఐస్ ఫ్యాక్టరీ వరకు అలాంటి దెబ్బ రావడానికి కొంత సమయం పడుతుంది, ఎందుకంటే వనామి రొయ్యల చెరువులో సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేసిన మూడు నాలుగు నెలలకు గానీ పట్టుబడికి రాదు. ఈ రోజు అమ్ముతున్న ఐసు మూడు నాలుగు నెలల కిందట వేసిన సీడ్ తాలూకుది. ఫ్యాక్టరీ వచ్చే త్రైమాసికం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే తన అమ్మకాల పుస్తకం చూడకూడదు, హేచరీల్లో సీడ్ ఎంత కదులుతోందో, మేత డీలర్ల దగ్గర బస్తాలు ఎంత కదులుతున్నాయో అడగాలి.

పైగా అమ్మకాల పుస్తకం ఒక్కోసారి పచ్చి అబద్ధం చెబుతుంది. రేటు ఇంకా పడుతుందన్న భయంతో, లేదా పక్క చెరువుకు వైట్ స్పాట్ జబ్బు వచ్చిందన్న కబురుతో, రైతులు కౌంట్‌కు, అంటే అమ్మకపు సైజుకు, రాకముందే రొయ్యను తీసేస్తారు. ఒకేసారి పది ఊళ్లలో పట్టుబడి పడుతుంది, ఫ్యాక్టరీ ముందు లారీలు బారులు తీరుతాయి. ఏడాది మొత్తంలో అదే మంచి నెలగా కనిపిస్తుంది. ఆ చెరువుల్లో మళ్లీ సీడ్ పడిందా లేదా అన్నది ఆ రద్దీలో ఎవరికీ గుర్తుండదు. సరిగ్గా ఆ నెల డబ్బు చూసుకుని రెండో కంప్రెసర్‌కు అడ్వాన్స్ ఇస్తే, దాని వడ్డీ, తరుగుదల, ఇంకో మనిషి జీతం కలిసి స్థిర ఖర్చు ఏడాదికి పది లక్షలు పెరిగిందనుకుందాం. 7,000 టన్నుల దగ్గరున్న గుమ్మం 7,800కు వస్తుంది. మూడు నాలుగు నెలలకు కొత్త యంత్రం బిగించడం పూర్తవుతుంది, బీడుపడ్డ చెరువుల ప్రభావం కూడా అప్పుడే ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వస్తుంది.